అది నువ్వు కాదక్కా

ఫోనులో దుకాణం పేజీలో ఏ ఫొటో పెట్టినా, దాని కింద రాసే మాటను ముందుగా పైకి చదివి చూసుకునేది బొత్తాం. బొత్తాం అన్న పేరు ఆమెకు కుట్టుపని నేర్పిన టైలరు మాస్టారు పెట్టారు. పదిహేనేళ్ల వయసులో ఆయన దగ్గర బొత్తాలు కుట్టే పనిలో చేరింది. ఇప్పుడు సొంతంగా మూడు మిషన్లున్న దుకాణం నడుపుతున్నా, ఆయన నోట ఆ పేరే నిలిచిపోయింది.

ఫొటోకి మూడు నాలుగు రకాలుగా మాటలు రాసుకుని, కత్తిరింపు బల్ల దగ్గర నిలబడి ఒక్కొక్కటే గట్టిగా చదివేది. నాలుక తడబడిన మాట కొట్టేసేది. ఊపిరి చాలని వాక్యాన్ని రెండు చేసేది. కాజాలు కుడుతున్న చెల్లెలు తలెత్తకుండానే వినేది. చదివింది వట్టి కబురే అనుకుని "అవునా, ఎవరిదా చొక్కా?" అని చెల్లెలు అడిగిందంటే, ఆ రకం ఖాయం. "ఎవరిదక్కా ఆ గొంతు?" అందంటే, అది చెత్తబుట్టకే.

మాస్టారికి చూపు మందగించి మూడేళ్లయింది. ఆయన భార్యను బొత్తాం పిన్నీ అని పిలిచేది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక పిన్ని ఫోను తీసి, బొత్తాం రాసినవి ఆయనకు చదివి వినిపించేది. "అదిగో, దుకాణంలో కూర్చుని వాగుతున్నట్టే ఉంది పిల్ల" అని ఆయన నవ్వేవారట.

ఆయన ఇక దుకాణం కూడా మూసేసి కత్తెర పక్కన పెట్టేస్తున్నారని తెలిసి, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లంతా కలిసి ఆదివారం ఆయన ఇంట్లోనే చిన్న సభ పెట్టారు. బట్ట మీద కత్తెరతో ఉన్న ఆయన చేతుల ఫొటో బొత్తాం దగ్గర ఒకటి ఉంది. దాన్ని మాటతో సహా ముందు రోజు సాయంత్రానికి పెట్టాలి.

ఆ వారం పెళ్లి బట్టలు నెత్తి మీద ఉన్నాయి. రాయడానికి తీరిక చిక్కక, మాటలు రాసిచ్చే యాప్‌ని అడిగింది. అది క్షణంలో నాలుగు రకాలు ఇచ్చింది. ఐదోది ఆమె స్వయంగా బిల్లు కాగితం వెనక గీకింది.

అలవాటుగానే చదివింది. "అంకితభావానికి ప్రతిరూపం, తరతరాలకు స్ఫూర్తిప్రదాత, మా మహోన్నత గురువర్యులకు..."

చెల్లెలు సూది ఆపింది. "ఎవరక్కా మైకు పట్టుకుంది?"

మిగతా మూడూ అంతే. చివరికి తను గీకింది చదివింది. "కాజా కుట్టడం రాక ఏడుస్తుంటే మాస్టారు ఒక పాత చొక్కా చేతిలో పెట్టి, ఇది పాడైతే ఎవరూ తిట్టరు, కుట్టవే బొత్తాం అన్నారు. ఆ చొక్కాకి పదకొండు కాజాలు కుట్టాను. ఒక్కటీ తిన్నగా రాలేదు. ఒక్కటీ విప్పమనలేదు."

"నిజంగా విప్పమనలేదా?" అంది చెల్లెలు. వెంటనే, "ఇదేనక్కా. ఇదే నువ్వు" అంది.

ఆ సంగతి బొత్తాంకీ తెలుసు. అది చదువుతున్నప్పుడు నాలుక ఎక్కడా తడబడలేదు. అయినా మనసు పీకింది. "పెద్ద పెద్దవాళ్లు చూస్తారే. ఇంత చిన్న ముక్కా రాసింది అనుకోరూ?"

యాప్ ఇచ్చిన మొదటిదే పెట్టేసింది.

ఆదివారం ఇంటినిండా జనం. ఎవరో ఫొటో చూపిస్తూ ఆ మాటల్ని అందరి ముందూ చదివారు. చప్పట్లు మోగాయి. కుర్చీలో కూర్చున్న మాస్టారు తల పక్కకు వంచి విన్నారు. అందరితో పాటు ఆయనా చేతులు కలిపారు.

వారం తర్వాత పిన్ని ఫోను చేసింది. "ఏమే, ఆ రోజు రాసింది నువ్వేనా? నీ పేరు చెప్తే ఈయన నమ్మలేదు. ఆ పిల్ల ఏమీ రాయలేదా, పనుల్లో మర్చిపోయిందేమో అని రెండుసార్లు అడిగారు."

ఆ మధ్యాహ్నం బొత్తాం మిషను ఆపి, బిల్లు కాగితం మడిచి పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా చదివింది.

మాస్టారు నవ్వారు. "పదకొండు కాదే, తొమ్మిది. రెండు కాజాలు నేనే నీలాగే వంకరగా కుట్టాను, నువ్వు చూడకుండా." ఆమె చేతిలోని కాగితం తడిమి చూస్తూ అన్నారు. "ఆ రోజు అందరూ పొగుడుతుంటే, అందులో నీ గొంతు ఎక్కడుందా అని వెతుక్కున్నానే. అందరూ వచ్చారు, నువ్వే రాలేదనిపించింది."

"నేను మీ వెనకే నిలబడ్డాను మాస్టారూ."

"నాకు కనిపించదు కదే."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఇంటికొచ్చి ఫొటో కింద మాటలు తీసేసి, బిల్లు కాగితం మీదివి పెట్టింది. పదకొండు తీసి తొమ్మిది అని రాసింది. అయితే చూడవలసినవాళ్లంతా అప్పటికే చూసి వెళ్లిపోయారు. కింద ఎవరెవరో పెట్టిన మెచ్చుకోళ్లు అలాగే ఉన్నాయి: ఎంత గొప్ప భాష, ఎంత గంభీరంగా రాశారు. వాటిని ఆమె పైకి చదవలేదు.