డిటర్జెంట్, పది నిమిషాలు

మా ల్యాబులో పద్ధతుల కాగితాలన్నీ నేను రాసినవే. ఇరవై రెండేళ్లుగా కణాలు పెంచుతున్న టెక్నీషియన్ని, ఇక్కడ నా మాటకు తిరుగులేదు. అందుకే ఆ పిల్ల ప్రయోగం మూడుసార్లు పాడైతే తప్పు ఆ పిల్లదేనని తేల్చేశాను. ఆమెకు నేను పెట్టిన పేరు ‘తొందర’.

తొందర పీహెచ్‌డీ చేస్తోంది. కొవ్వు కణాలకు ఇన్సులిన్ తగిలితే చక్కెరను కణంలోకి చేర్చే గ్లూట్-4 ప్రోటీన్ లోపలి నుంచి పైపొరకు వస్తుందని తను చూపించాలి. శుక్రవారంలోగా తేలకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తానని ల్యాబు నడిపే మేడం చెప్పేసింది. గ్లూట్-4ని పట్టుకునే యాంటీబాడీల వెలుగును కొలిచే రీడర్‌లో మాత్రం ఇన్సులిన్ వేసినా వేయకపోయినా వెలుగు ఒక్కలాగే వస్తోంది.

“ముందు కణాలను సీరం తీసేసి ఉంచావా? అందులోని ఇన్సులిన్ కూడా వాటిని కదిలిస్తుంది.”

“మూడు గంటలు ఉంచానక్కా.”

“నీ మూడు గంటల సంగతి నాకు తెలియదూ” అన్నాను.

ఎన్ని తిట్టినా దులుపుకుపోయే రకం. గురువారం మధ్యాహ్నం స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.

“గ్లూట్-1 చాలా కణాల్లో ఎప్పుడూ పైనే ఉంటుంది. మెదడులో గ్లూట్-3 కూడా ఇన్సులిన్ కోసం ఆగదు. దీనికొక్కదానికే ఎందుకక్కా ఈ దాగుడుమూతలు?”

“కండలు, కొవ్వు ఒంట్లో ఎంతున్నాయో చూడు. తిననప్పుడు కూడా వాటి తలుపులు బార్లా తెరిచి ఉంటే ఉన్న కాస్త చక్కెరా అవే లాగేసుకుంటాయి. మెదడు నోట్లో మట్టే. అందుకే గ్లూట్-4ని చిన్న తిత్తుల్లో లోపల దాచుకుంటాయి. తిన్నాక ఇన్సులిన్ వచ్చి కణం పైనున్న గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఆ కబురు లోపలికి అందితే తిత్తులు వచ్చి పైపొరలో కలుస్తాయి. ఇన్సులిన్ తగ్గాక మళ్ళీ లోపలికే.”

“అంటే మొత్తం అంతే ఉంటుంది, చోటే మారుతుంది. మరి మనం మొత్తాన్నీ కొలుస్తున్నామేమో.” నేను రాసిచ్చిన పద్ధతి కాగితం తీసి చదివింది. “డిటర్జెంట్, పది నిమిషాలు. ఇదెందుకు?”

కాగితం లాక్కుని చూశాను. డిటర్జెంట్ పైపొరకు చిల్లులు పెడుతుంది. యాంటీబాడీ లోపలికి దూరి, దాగినవాటిని కూడా పట్టేస్తుంది. పైకి వచ్చినవాటినే పట్టాలని గ్లూట్-4లో బయటికి కనబడే భాగానికి యాంటీబాడీ పట్టుకునే గుర్తు తగిలించింది మేమే. ఆ డిటర్జెంట్ మెట్టు కణం లోపలివాటిని కొలిచిన పాత పనిలోది, చూడకుండా ఈ కాగితంలోకి ఎక్కించేశాను.

“ఆ మెట్టు వదిలెయ్” అని మాత్రం అన్నాను. తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు.

శుక్రవారం పొద్దున ఇన్సులిన్ వేసిన ప్లేటు గుంటల్లో వెలుగు నాలుగింతలైంది. మేడం అంకెలు చూసి, “మరి మూడుసార్లు ఎందుకు పాడైంది?” అనడిగింది.

“నేనే తొందరపడి ఒక మెట్టు ఎక్కువ చేశాను మేడం” అంది తొందర, నా వైపు చూడకుండా.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కాగితం చింపేస్తే అడిగే నాథుడు లేడు, ఈ పిల్ల నా పరువు కాపాడుతోంది.

“కాదు మేడం. ఆ మెట్టు రాసింది నేను. తిట్లు తిన్నది ఈ పిల్ల. కనిపెట్టిందీ ఈ పిల్లే.”

మేడం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “అయితే ఈ పని నీదే” అంది తొందరతో.

మేడం వెళ్ళగానే ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. “తప్పైందమ్మా” అన్నాను. ఆ మాట నేనెవరితోనూ అని ఎరగను. అన్నాక ప్రాణం ఎంత హాయిగా ఉందో.