ఆకు తిన్నవాడు

కృష్ణానగర్‌లోని ఆ డబ్బింగ్ థియేటర్‌లో నవ్వులు ఆగేసరికి చాలాసేపు పట్టింది. గాజు తలుపు అవతల మైకు ముందు నిలబడ్డ రాజ్యంగారు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వనిది హైమావతి ఒక్కతే.

ఇటాలియన్ సీరియల్‌లో ముసలమ్మ తన మనవరాలు ఓర్నెల్లాను తిడుతున్న సీను అది. ఆ భాషలో ఆవిడ అన్నది, నీ గుమ్మడికాయలో ఉప్పు లేదా అని. గుమ్మడికాయ అంటే తల, ఉప్పు అంటే తెలివి. హైమావతి అలాగే విడమరిచి చెప్పి, పక్కన తన తెలుగుగా 'నీకు వివేకం లేదా' అని రాసిచ్చింది. మాటలు రాసే పెంచలయ్య దాన్ని ఒక్కసారి చూసి, "బుర్రంటే మనకీ సొరకాయ బుర్రే గదక్కా!" అంటూ కొట్టేసి, 'నీ బుర్రలో గుజ్జుందా' అని రాశాడు. ముసలమ్మకు గొంతిచ్చే రాజ్యంగారు అది అనగానే థియేటర్ గొల్లుమంది.

"పెంచల్, నీ చేతికి ముద్దు పెట్టాలిరా!" అన్నాడు డబ్బింగ్ చూసుకునే కోటంరాజు.

గుమ్మడికాయను తెచ్చింది నేను, ముద్దు వాడి చేతికా అనుకుంది హైమావతి.

ఆమె పదకొండేళ్లు ఇటలీలోని తొరీనోలో ఉంది. భర్తకు అక్కడ కార్ల డిజైన్ కంపెనీలో ఉద్యోగం. కూరగాయల అంగళ్లలో, డాక్టర్ల దగ్గర, పక్కింటి ముసలివాళ్ల పేకాట బల్లల దగ్గర ఆ భాష నేర్చుకుంది. వాళ్ల జోకులకు వాళ్లకంటే ముందు నవ్వేది. హైదరాబాద్ తిరిగొచ్చాక, ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా ఇటాలియన్ నుంచి డబ్బింగ్ చేయాలని ఈ సీరియల్ వాళ్లు పట్టుబట్టడంతో ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. తీరా కూర్చున్నాక తెలిసింది, అన్నేళ్లలో ఆ భాష వచ్చి చేరిన చోటు నుంచి తన తెలుగే ఎక్కడికో జారిపోయిందని. తెలుగులో తప్పు లేకుండా రాయగలదు. కానీ రాసిందాంట్లో తడి ఉండదు.

పెంచలయ్యది నెల్లూరు. ముప్పై దాటి రెండు మూడేళ్లుంటాయి. వాడికి ఇటాలియన్‌లో నమస్కారం కూడా రాదు. గుడ్డులో వెంట్రుక వెతికే మనిషి అని ఆమె చెప్పీ చెప్పకముందే ఎగిరి గంతేశాడు. "అక్కా, వాళ్లకీ గుడ్డేనా! కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాడు! అబ్బా, మనకి మల్లేనే ఉండారే!" చిన్నప్పుడు హైమావతి వాళ్ల నాన్న రోజుకోసారైనా అనే మాట అది. తనకెందుకు తట్టలేదు? ఆ రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తెరవకుండానే ఇంటికి తీసుకుపోయింది.

అసలు దెబ్బ పాత ప్రేమికుడి సీనులో తగిలింది. పెళ్లయ్యాక కూడా ఓర్నెల్లా వాడితో మళ్లీ తిరుగుతోంది. ముసలమ్మకది నచ్చలేదు. 'వేడిచేసిన నిన్నటి చారు' అంటుంది. చల్లారిన ప్రేమను మళ్లీ రాజేస్తే రుచి ఉండదని. హైమావతి ఎంతో ఆలోచించి, ఈసారి మనదైన మాటే పెట్టాననుకుని, 'అది చద్దన్నం' అని రాసింది.

"చద్దన్నమా!" అన్నాడు పెంచలయ్య. "అక్కో, చద్దన్నమంటే మనోళ్లకి నోరూరతాదే! పెరుగూ ఉల్లిపాయా ఏసుకోని తింటారు. ఆ పిల్ల ఇప్పుడే మొగుణ్ణి ఒదిలేసి వాడెంట పోతాది!"

కోటంరాజు పడీపడీ నవ్వాడు. పెంచలయ్య కాసేపు పెన్ను కొరికి, 'అతుకులబొంత' అని రాశాడు. "తిండి పోతే పోయింది, కోపం మిగిలింది గదా" అన్నాడు. అది సరైన మాట. అందుకే ఆమెకు మరీ మండింది.

మర్నాడు టీ తాగుతుండగా కాగితాలతో వచ్చాడు.

"అక్కా, ఇక్కడ ఒక మాటకి అర్థం రాయడం మర్చిపోయినావు. ముసలామె మనవరాలితో 'మీ ఆయన ఆకు తిన్నాడు' అంటాది. ఆకంటే... గడ్డి తిన్నాడనా? ఎదవ పని చేసినాడనా?"

ఆకు తినడమంటే అది కాదు. ఎదుటివాడి నాటకాన్ని మాటా పలుకూ లేకుండా కనిపెట్టేయడం. ఓర్నెల్లా దొంగతనంగా పాతవాణ్ణి కలుస్తున్న సంగతి మొగుడికి తెలిసిపోయిందని ముసలమ్మ హెచ్చరిస్తోంది. అది హైమావతికి తన పేరు తెలిసినంత బాగా తెలుసు. పెంచలయ్య ముఖం చూసింది. మళ్లీ ఓ చమత్కారం దొరికిందన్న మెరుపు అప్పుడే వాడి కళ్లలో కనబడుతోంది.

"అనుకో" అంది.

రాజ్యంగారు 'మీ ఆయన గడ్డి తిన్నాడే' అని అద్భుతంగా చెప్పింది. హైమావతి టీ చల్లారిపోయింది.

నాలుగో రోజుకు తర్వాతి ఎపిసోడ్ తెర మీదికి వచ్చింది. మొగుడు రైల్వే స్టేషన్‌లో స్తంభం వెనక నిలబడి పెళ్లాన్నీ పాతవాణ్ణీ పట్టుకున్నాడు. కోటంరాజు బొమ్మ ఆపించాడు.

"ఇదేమిటయ్యా? ఎదవ పని చేసింది మొగుడని కదా చెప్పించాం? మరి వీడు పోలీసులా పొంచి ఉన్నాడేం? హైమగారూ, ఆ మాటకు అర్థం అదేనా?"

ఆమె నోరు తెరిచేలోపు పెంచలయ్య అందుకున్నాడు. "నాదే పొరపాటు సార్. అక్క చెప్పింది నేను సరిగ్గా ఇనలేదు. మారుస్తాను."

ఆమెకు చెంపలు కాలాయి. మాటలు వాడివే, మెప్పు వాడిదే, ఇప్పుడు పెద్దమనసూ వాడిదేనా? వరండాలో వాణ్ణి ఆపింది.

"ఎందుకలా అబద్ధం చెప్పావు?"

"నీ కోసమనుకున్నావా?" ఈసారి పెంచలయ్య నవ్వలేదు. "భాష రానోడు నోటికొచ్చింది రాస్తన్నాడని బయటికి పోతే నాకు పనిచ్చేదెవరు? నీకు తెలీని మాటైతే ఇంటికెళ్లి వెతికి, పొద్దున్నే అరగంట చెప్తావు. ఆ రోజు 'అనుకో' అని ఒక్క ముక్కన్నావు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు. ఏం చేశానక్కా నిన్ను?"

ఏం చేశాడు?

"కుళ్లు" అంది హైమావతి. "నీకు అడగ్గానే వస్తాయి. నాకు రావు. నావే, నాకు రావు."

పెంచలయ్య సముదాయించలేదు. "రాజ్యమ్మ ఈ సాయంత్రమే కూతురి పురిటికి వైజాగ్ పోతాంది. మూడింటిలోపు ఆ మాట కావాల. కనిపెట్టినాడు, తెలుసుకున్నాడు... ఏది పెట్టినా పెదాలు కలవడంలా" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె తెర ముందు కూర్చుని ఆ ముక్కను మళ్లీ మళ్లీ వేయించుకుంది. తిన్నాడనే చోట ముసలమ్మ 'మంజాతో' అంటూ పెదాలు గట్టిగా మూసి తెరుస్తోంది. తెలుగు మాట కూడా మూసిన పెదాలతోనే మొదలవ్వాలి. మ, ప, బ. ఊరికే తెలియడం కాదు, వాసన పట్టి తెలుసుకోవడం. బొమ్మ చూడటం మానేసి, ముసలమ్మ కళ్లలో భయాన్ని తన గొంతులోకి తెచ్చుకుంటూ గొణిగింది.

"పసిగట్టాడే. మీ ఆయన పసిగట్టేశాడే."

వెనక నుంచి పెంచలయ్య, "ఇంకోసారి అను" అన్నాడు. అంది. వాడు తెర వైపు చూశాడు. ప దగ్గర ముసలమ్మ పెదాలు కలిశాయి. కాగితం మీద 'గడ్డి' కొట్టేసి ఆ మాట రాసుకున్నాడు. రాజ్యంగారు దాన్ని గుసగుసగా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. కోటంరాజు ముందుకు వంగి విన్నాడు.

"పెంచల్, ఇదిరా మాటంటే!"

"అక్కది సార్."

"అలాగా!" అని కోటంరాజు తర్వాతి సీను వేయమన్నాడు. అంతే. ముద్దుల ప్రసక్తి రాలేదు.

ఆ తర్వాత పెంచలయ్య ఒక షరతు పెట్టాడు. ముందు ఆమె తన తెలుగు పైకి అనాలి, కాగితం మీద కాదు. అప్పుడే వాడు పెన్ను తీస్తాడు. వాడి గొంతులో మునుపటి చనువు మాత్రం లేదు. అక్కా అంటున్నాడు, అంతే.

చివరి ఎపిసోడ్‌లో ఓర్నెల్లా తండ్రి నడిపే మిఠాయి దుకాణం దివాలా తీసింది. ఆయన కుర్చీలో కూలబడి, 'పళ్ల దాకా వచ్చేశాం' అన్నాడు. అక్కడ భోజనంలో పళ్లు చివర వస్తాయి. ఆ తర్వాత పెట్టడానికేమీ ఉండదు.

"మన పనైపోయింది" అంది హైమావతి, వెతుక్కోకుండానే.

పెంచలయ్య పెదాలు కదుపుతూ లెక్క చూసుకున్నాడు. ఒక్క అక్షరం మార్చకుండా రాసుకున్నాడు.

"బాగుందక్కా."

ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే, మరుక్షణమే ఒళ్లు మండింది. ఈ కుర్రాడు బాగుందంటేనే తన తెలుగు తనకు బాగుండాలా? కాగితాలు దగ్గరికి లాక్కుని, "తర్వాతిది చూపించు" అంది.