మీటరుకి తాళం

ఏసీ కొన్నాక రెండు నెలలపాటు కరెంటు బిల్లు పైసా పెరగలేదు. "చూశావా, నేను ఏరి కొన్న ఏసీ!" అని మా ఆయన మీసం మెలేశాడు. పగలూ రాత్రీ దుప్పటి కప్పుకుని మరీ వేశాడు. మూడో నెల బిల్లు చూసి నాకు కళ్లు బైర్లు కమ్మాయి.

ఆయన్ని కరెంటు ఆఫీసుకి లాక్కెళ్లాను. "మీ మీటరుకి పిచ్చెక్కింది!" అని కౌంటర్‌లో అమ్మాయి మీద ఎగిరాడు.

ఆమె కంప్యూటర్ చూసింది. "రెండు నెలలు మీటరు గ్రిల్‌కి తాళం ఉంది సార్. రీడింగ్ దొరక్క పాత సగటు మీద బిల్లేశాం. ఆ సగటు నాటికి మీకు ఏసీ లేదుగా! ఈసారి గ్రిల్ తీసి ఉంది, అసలు వాడకమంతా ఒకేసారి పడింది."

బూజు దులపడానికి గ్రిల్ తీసింది నేనే.

"మొత్తం యూనిట్లు ఒక్క నెలలో పడేసరికి ఎక్కువ వాడకానికుండే పై స్లాబు రేటు పడింది," అందామె. "మూడు నెలలకీ పంచి, మీరు కట్టింది తీసేస్తాను. కొంత తగ్గుతుంది."

"మరి ఫిక్స్‌డ్ ఛార్జీ?" అన్నాను.

"అది లోడును బట్టమ్మా. ఏసీతో లోడు పెరిగింది, అదీ పెరిగింది. ఫ్యాన్ కూడా వేయకపోయినా అది కట్టాల్సిందే."

"ఆ తాళం ఎందుకేశారండీ?" అని ఆయన్ని నిలదీశాను.

"మీటరు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని..." అని నసిగాడు.

ఇంటికి రాగానే ఆ తాళం ఊడబీకి, ఏసీ రిమోట్‌ని బీరువాలో పెట్టి దానికి వేశాను. తాళంచెవి నా కొంగున ఉంది. ఎత్తుకుపోమనండి చూద్దాం.