మూడోవాళ్ళ మాట

నోరు విప్పక్కర్లేని పని కావాలనే కిసుము ఊళ్ళోని ఈ ల్యాబుకి వచ్చాను. జ్వరంతో వచ్చినవాళ్ళ రక్తం చుక్క గాజు పలక మీద ఆరబెట్టి, రంగు పట్టించి నాకిస్తారు. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి మలేరియా క్రిమి ఉందో లేదో చూస్తాను. పలక నన్ను "ఏమ్మా అవినో, పెళ్ళెప్పుడు?" అని అడగదు. అంతకన్నా ఏం కావాలి?

మాకో కట్టుబాటుంది. ఒకే పలకని ఇద్దరు విడివిడిగా చూడాలి. మొదటివాళ్ళు ఏం తేల్చారో రెండోవాళ్ళకి తెలియనివ్వం. ఇద్దరి మాటా కలవకపోతే మూడోవాళ్ళు చూస్తారు. ఇక వాళ్ళ మాటే ఖాయం.

మా విభాగానికి పెద్ద, మామా పెర్పెట్యువా, రిటైరవుతోంది. ఇక్కడ మామా అంటే అమ్మ. ఓ పొద్దున్నే టీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"నా కుర్చీలో నువ్వు కూర్చో."

"నా వల్ల కాదు మామా. ఒడేరాకి ఇవ్వండి. వాడికి నోరుంది."

"నోరున్నవాడే పెద్దవుతాడంటే మన కోడిపుంజుకి ఇవ్వచ్చుగా?"

నవ్వు రాలేదు. ఈ మధ్య నాకేదీ రావట్లేదు. కోపం రాదు, ఏడుపూ రాదు. రోజూ తినే మొక్కజొన్న ముద్ద, ఉగాలీ, తింటున్నా ఇసుక నమిలినట్టే ఉంటోంది. మీటింగులన్నా, సభలన్నా, ఎవరికైనా ఎదురు చెప్పాలన్నా పక్కకి తప్పుకుంటూ వచ్చాను. తప్పుకుని తప్పుకుని నాలోంచి నేనే బయటికి పోయానేమో అనిపిస్తుంది.

గురువారం కౌంటీ ఆఫీసు నుంచి, అంటే మా జిల్లా ఆఫీసు నుంచి, పైఅధికారి బరాసాగారు వచ్చారు. పలకలు చదివే అయిదుగురం, మామా, అందరం టీ గదిలో కూర్చున్నాం.

"ఫలితాలు ఆలస్యమవుతున్నాయి. ఇకనించి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, మాట్లాడుకుని తేల్చేయండి. ఏమంటారు?" అన్నారాయన.

"బ్రహ్మాండం సార్!" అన్నాడు ఒడేరా. మిగతావాళ్ళు తలలూపారు.

నా గుండె జారింది అని చెప్పాలనుంది గానీ జారలేదు, మొద్దుగా అలాగే ఉంది. కానీ బుర్ర పనిచేస్తోంది. ఒకే బల్ల దగ్గర కూర్చుంటే గట్టిగా మాట్లాడేవాడి మాటకే రెండోవాడు వంత పాడతాడు. ఇక రెండోసారి చూడటం దేనికి? క్రిమి ఉన్న బిడ్డని లేదని ఇంటికి పంపేస్తాం. తలుపు మూసుకుని ఒక్కదాన్నే చూసుకునే నా గదీ, నా నిశ్శబ్దమూ కూడా పోతాయి. వాటిని కాపాడటానికి ఇప్పుడు నేనే మాట్లాడాలి. ఇదెక్కడి ఖర్మ!

"సార్," అన్నాను. "మాట్లాడకముందు ఎవరి మాట వాళ్ళని విడిగా రాయనివ్వండి. పలకకి చేసినట్టే."

"కొత్త పెద్ద ఎవరో కూడా అందులోనే రాయండి," అంది మామా. గడుసుది.

తను రాయలేదు. మా అయిదు చీటీలూ మడతలు విప్పి చదివింది. ఒకే బల్ల వద్దని అయిదుగురూ రాశారు. ఒడేరా కూడా.

"ఏరా, బ్రహ్మాండం అన్నావుగా?" అన్నారు బరాసాగారు.

"సార్ ముందు నోటికి సారుకి నచ్చిందే వస్తుంది సార్," అన్నాడు వాడు తల గోక్కుంటూ.

కొత్త పెద్ద ఎవరన్నదానికి నాలుగు చీటీల్లో నా పేరుంది. ఒక్కదాంట్లోనే ఒడేరా అని ఉంది. ఆ రాత నాదని అందరికీ తెలుసు.

"నీ గురించి నువ్వు చూసిందొకటి, వీళ్ళు చూసిందొకటి. కలవకపోతే ఏం చేస్తాం?" అడిగింది మామా.

"మూడోవాళ్ళు చూస్తారు."

"ఆ మూడోదాన్ని నేనే. అవినో అని ఖాయం చేశాను. నిన్ను వక్తని కమ్మనలేదే పిచ్చిపిల్లా. ఇందాక చేసిన పనే చెయ్యమంటున్నా."

ఒప్పుకోవడానికి అడగాల్సింది అడిగాను. పొద్దుటి పూట తలుపు మూసుకుని నా పలకలు నేను చదువుతాను. మీటింగుల్లో ముందు రాయడం, తర్వాతే మాట. ఎవరి పనైనా బాగోకపోతే విడిగా పిలిచి చెబుతాను. సభలూ స్వాగతాలూ ఒడేరావి.

"అమ్మయ్య, మైకు నాదే!" అన్నాడు వాడు.

"సరే. కానీ సోమవారం కౌంటీ సభలో ఈ మార్పు ఎందుకు వద్దో చెప్పాలి," అన్నారు బరాసాగారు. "హాలంతా జనం ఉంటారు."

"నేను చెప్పేస్తాలే అక్కా," అన్నాడు ఒడేరా జాలిగా.

ఊఁ అందామనే నోరు తెరిచాను. "వద్దురా," అని వచ్చింది. "మిగతావన్నీ నువ్వే చెప్పు. ఇది మాత్రం పలకల సంగతి. నేనే చెప్పాలి."

నా గదికి వచ్చి తలుపేసుకున్నాను. క్రిమి స్పష్టంగా కనబడటానికి పలక మీద నూనె చుక్క వెయ్యబోతే గురి తప్పి బల్ల మీద పడింది. వింతగా చూశాను ఆ చుక్కని. ఎన్ని నెలలైందో నాకేదైనా అనిపించి. సోమవారం తలుచుకుంటే భయం వేస్తోంది, నిజంగా వేస్తోంది. బల్ల తుడిచి, మళ్ళీ చుక్క వేసి, పలకని మైక్రోస్కోపు కింద పెట్టాను.