జాకెట్టు కింది ప్లేటు

పాలక్క మీద విచారణ సాయంత్రం నాలుగింటికి. దానికంటే ముందు ఫ్రీజరు మెషీను మీద నా రీడింగు తన బల్ల మీద ఉండాలన్నారు సూపరింటెండెంటు గారు.

పాలక్క అసలు పేరు ఆసుపత్రిలో ఎవరికీ అక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఇతర తల్లులు ఇచ్చే పాలు సేకరించి, సీసాల్లో నింపి, గడ్డకట్టించి దాచే గది ఒకటి అక్కడుంది. ఆ గదికి ఆవిడ పదకొండేళ్లుగా ఇన్‌చార్జి నర్సు. ఇరవై రోజుల కింద ఒక మధ్యాహ్నం గదిలో చలి తగ్గిపోయింది. పై అరల్లోని నలభై ఒక్క సీసాలు మెత్తబడ్డాయి. ఒకసారి మెత్తబడిన పాలు పిల్లలకు పట్టకూడదని వాళ్ల నియమం. ఆవిడే ఒక్కో సీసా మూత తీసి సింకులో పారబోసిందట.

తలుపు సరిగ్గా వేయలేదని ఆవిడ మీద నేరం. ఆ నేరానికి సాక్ష్యం, ఆ గది మెషీనుకు మెకానిక్కుగా నేను రాసిన సర్వీసు కార్డు. 'కంప్రెసర్ కరెంటు 7.8, ప్లేటు మీద 9.4, మెషీన్ బాగుంది' అని ఆ సంఘటన మర్నాడు నేనే రాసి సంతకం పెట్టాను. ప్లేటంటే మెషీను లాగగల గరిష్ఠ కరెంటు ముద్రించి దానికే అంటించిన రేకు, అంతకంటే తక్కువ లాగితే బాగున్నట్టు. మెషీన్ బాగుంటే తప్పు మనిషిది. లెక్క అంత తేలిక.

"మాస్టారూ, మళ్లీ ఒకసారి ఆ ఎండ్రకాయ తగిలించి, అదే అంకె రాసిచ్చేయండి. టీ తాగి వెళ్దురుగాని," అన్నారు సూపరింటెండెంటు. డిగ్రీ చదివి రిపేర్లలోకి వచ్చాననీ, ఏదడిగినా పాఠం చెబుతాననీ నన్నందరూ మాస్టారంటారు. ఎండ్రకాయ అంటే తీగను దవడలతో పట్టి కరెంటు కొలిచే నా క్లాంప్ మీటరు. దాని దవడలు చూసి ఆయన పెట్టిన పేరు.

అప్పటికి ఉదయం పదిన్నర. మెట్ల దగ్గర పాలక్క ఎదురైంది. కళ్ల కింద నల్లగా ఉంది.

"ఇప్పుడు కొలవకండి," అంది.

"ఏం సిస్టర్?"

"మీరెప్పుడొచ్చినా పొద్దున్నే వస్తారు. అప్పుడది బుద్ధిమంతుడే. గది వేడి రాసే నా లాగ్‌బుక్ చూడండి, వేడెక్కేదల్లా ఒంటిగంటన్నర తర్వాతే. మధ్యాహ్నం కొలవండి. తర్వాత మీ ఇష్టమొచ్చింది రాసుకోండి."

ఆ గొంతులో బతిమాలడం లేదు. అలసట ఉంది. పుస్తకం తెరిచి చూపింది. నెల రోజులుగా దాదాపు ప్రతి మధ్యాహ్నం అంకెలు పైకెక్కి, సాయంత్రానికి దిగుతున్నాయి. ఆ వేళకే వార్డులకు సీసాలు తీసుకెళ్తారు, తలుపు తీస్తారు. అందుకే అందరికీ తలుపే కనిపించింది. నాకూ అంతే.

"సరే, ఆగుతాను," అన్నాను. ఆవిడ ఒక స్టూలు తెచ్చి వరండా నీడలో వేసి వెళ్లిపోయింది. తన మీద సాక్ష్యం చెప్పబోయేవాడికి స్టూలు వేయాలని ఎవరికి తోస్తుంది!

ఒంటిగంటకు మేడ మీదికెక్కాను. మెషీన్ పడమటి గోడవారగా ఉంది. తోడుగా వచ్చిన వార్డు బాయ్‌కి యాభై ఏళ్లు, నోరు మూయడని రేడియో అంటారు. స్క్రూలు తీసి డబ్బా తెరిచాను. అతను చనువుగా మీటరు అందుకుని, లోపలికెళ్లే లావుపాటి కేబులు మొత్తానికి దవడలు తగిలించాడు.

"సున్నా! మాస్టారూ, ఇది పని చేస్తున్నట్టు నటిస్తోందంతే. మా ఆవిడ నన్ననే మాటే."

"అందులో వెళ్లే తీగా, తిరిగొచ్చే తీగా రెండూ ఉన్నాయయ్యా. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మీటరుకేమీ కనిపించదు. ఒక్క తీగనే పట్టుకోవాలి."

"మొదలెట్టారు పాఠం."

ఫ్యానుకు వెళ్లే తీగను పక్కకు జరిపి, కంప్రెసర్‌కు మాత్రమే వెళ్లే తీగను విడదీసి దవడల మధ్య పెట్టాను. 7.9. మెషీను మొదలైన క్షణంలో అంకె ఎంతో ఎత్తుకు ఎగిరి పడుతుంది, అది లెక్కలోకి రాదు. అందుకని మీటరు అలాగే ఉంచి పావుగంట కూర్చున్నాను. వోల్టేజీ చూశాను, సరిగ్గానే ఉంది. వేడిని బయటికి వదిలే కాయిలు కూడా శుభ్రంగానే ఉంది. ఎండ గోడ దిగి మెషీను మీద పడింది.

8.1. 8.3. మధ్యాహ్నం రెండు దాటేసరికి 8.7.

డబ్బా మీది ప్లేటు 9.4 అంటోంది. ఇంకా వెసులుబాటు ఉన్నట్టే. అంతలో లోపల టక్కుమని చిన్న చప్పుడైంది. మీటరు సున్నాకు పడిపోయింది. కంప్రెసర్ మూగబోయింది. కానీ ఫ్యాను మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంది.

"ఆగిందా? తిరుగుతోందిగా," అన్నాడు రేడియో.

అతని తప్పు కాదు. కింద నుంచి వినేవాళ్లకు ఎప్పుడూ ఫ్యాను చప్పుడే వినిపిస్తుంది. మెషీను నడుస్తోందనే అనుకుంటారు.

 కంప్రెసర్ వేడెక్కితే దాన్ని కాపాడటానికి ఓవర్‌లోడ్ స్విచ్చి తనంతట తానే ఆపేస్తుంది. మళ్లీ చల్లబడ్డాకే వదులుతుంది, దానికి గంట పట్టొచ్చు, రెండు గంటలూ పట్టొచ్చు. అది సరే. కానీ ప్లేటు మీద 9.4 ఉన్నప్పుడు 8.7కే ఎందుకు ఆపింది?

శబ్దం రాకుండా కంప్రెసర్‌కు దళసరి జాకెట్టు చుట్టి ఉంటుంది. దాన్నెవరూ ఊరికే విప్పరు. పట్టీలు తుప్పు పట్టి ఉంటాయి, తిరిగి కట్టడం తలనొప్పి. స్విచ్చి చూద్దామని విప్పాను. గోడవైపు తిరిగి, కంప్రెసర్ ఒంటికే అంటించిన ఇంకో ప్లేటు ఉంది. అటు తల దూర్చలేక, ఫోను లోపలికి చాచి ఫోటో తీశాను.

6.1.

రెండుసార్లు తీశాను. మూడోసారి తీసినా అదే.

ఇది ఆ డబ్బాతో వచ్చిన కంప్రెసర్ కాదు. ఎప్పుడో మార్చారు, అదీ చిన్నది పెట్టారు. పెద్ద గది వేడిని మోసుకొచ్చే గ్యాసంతా ఈ చిన్నదాని నెత్తిన పడుతోంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా తన శక్తికి మించే మోస్తోంది. ఎండెక్కితే మోయలేక కూలబడుతోంది. నేను రాసిన 7.8 బాగున్న అంకె కానే కాదు. అది రోగం అంకె.

కార్డుల కట్ట తీసి వెనక్కి తిప్పాను. ఏడాదిన్నర కింద, నేను సెలవులో ఉన్న రెండు నెలల్లో, మా కంపెనీవాడే ఇంకొకడు 'కంప్రెసర్ మార్చబడినది' అని ఒక్క వాక్యం రాశాడు. నా భార్య ఆఖరి రోజులవి. తిరిగొచ్చాక నేను ఆ కార్డు చదవలేదు. మా పనిలో ఒక అలవాటుంది. ప్లేటు మీది అంకెను మొదటిసారి చూసి రాస్తాం, ఆ తర్వాత ప్రతిసారీ పాత కార్డు నుంచి దించుకుంటాం. ప్లేటెక్కడికి పోతుంది, అది మారేది కాదుగా అనుకుంటాం. అలా ఆరుసార్లు 9.4 అని దించాను. ఆరుసార్లూ సంతకం పెట్టాను.

రేడియో నా భుజం మీంచి కార్డు చూశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు: "మాస్టారూ, నాకేం కనబడలేదు. నాకు అంకెలు రావు."

అతనలా అనడం దయే. ఆ దయ వద్దనుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. జాకెట్టు మళ్లీ చుట్టేసి, 8.7 అని రాసి, పక్కన 9.4 అని దించేస్తే ఎవరూ అడగరు. తర్వాత ఏదో వంకతో కంప్రెసర్ మార్పించవచ్చు. మెషీను బాగవుతుంది. పాలక్క మాత్రం ఉద్యోగం పోయి వెళ్లిపోతుంది.

నాలుగుకు పది నిమిషాల ముందు సూపరింటెండెంటు గదిలోకి వెళ్లాను. పాలక్క ఒక మూల కుర్చీ అంచున కూర్చుని ఉంది.

"ఏదీ కార్డు?" చెయ్యి చాపారాయన.

"కార్డు తప్పండీ. నేను రాసిన ఆరు కార్డులూ తప్పే." ఫోను బల్ల మీద పెట్టాను. "డబ్బా మీద 9.4 ఉంది. లోపలున్న కంప్రెసర్‌ది 6.1. నేను ఎదురుగా ఉండగానే రెండు గంటలప్పుడు 8.7 లాగి ఆగిపోయింది. ఇంకా ఆగే ఉంది. తలుపు వేసే ఉంది, మేడ దిగి వస్తూ ఇద్దరం చూశాం, రేడియోని అడగండి."

ఆయన ఫోటోను పెద్దది చేసి చూశారు. మొహంలో నవ్వు పోయింది.

"అంటే ఏడాదిన్నర నుంచి..."

"అవునండీ."

"తెలిసి రాశారా?"

"చూడకుండా రాశాను."

"మీ కంపెనీకి లెటరు రాయక తప్పదు మాస్టారూ. ఈ ఆసుపత్రికి మీరిక రాలేకపోవచ్చు."

"రాయండి. కానీ ముందు ఆ గది ఖాళీ చేయించండి. ఇవాళ కూడా వేడెక్కుతోంది."

ఆయన వెంటనే ఫోనెత్తి, బ్లడ్ బ్యాంకు వాళ్ల ఫ్రీజరులో రెండు అరలు అడిగారు. ఇచ్చారు. విచారణ కాగితాన్ని మడిచి సొరుగులో వేశారు. చింపలేదు.

పాలక్క, రేడియో, నేను ఐసు పెట్టెల్లో సీసాలు సర్దాం. ఒక్కో సీసా మీద తల్లి నంబరు, తేదీ. ఇవాళ ఏవీ మెత్తబడలేదు, అంతవరకు నయం. పాలక్క ప్రతి సీసానూ వేలితో నొక్కి చూసిగాని పెట్టెలో పెట్టనివ్వలేదు. రేడియో మొదటి పెట్టె పట్టుకెళ్లాక మేమిద్దరమే మిగిలాం.

"ఇరవై రోజులుగా నాకు నిద్ర లేదండీ," అంది తలెత్తకుండా. "మొదట్లో తలుపు వేశాననే చెప్పాను. తర్వాత తర్వాత నాకే అనుమానం వచ్చింది. మెషీను బాగుందని మాస్టారు రాశారంటే, నేనే వేయలేదేమో అనుకున్నాను. మొన్న మా అమ్మాయితో ఒప్పేసుకున్నాను కూడా. అవునమ్మా, మర్చిపోయుంటానని."

 క్షమించమన్నాను. మాట చాలా చిన్నదిగా వినిపించింది.

"ఆ రోజు వేశాను కదా?" అంది. ఈసారి నా వైపు చూసింది.

"వేసే ఉంటారు సిస్టర్."

"ఉంటారు అంటే? మీరు చూడలేదుగా."

నిజమే. కంప్రెసర్ ఆగిందని మాత్రమే నేను చెప్పగలను. ఆ రోజు ఆ తలుపు సంగతి మీటరు చెప్పదు. ఉన్నదాన్ని మించి చెప్పే అలవాటు నాకు ఇవాళే పోవాలి.

"చూడలేదు," అన్నాను. "కానీ ఆ పాలు మెత్తబడటానికి తలుపు తీసి ఉండక్కర్లేదు. ఆ కంప్రెసర్ ఒక్కటి చాలు."

 ఆ మాట ఆవిడకు సరిపోయిందో లేదో నాకు తెలియలేదు. ఆవిడ ఆ పెట్టెలో పట్టే చివరి సీసాను నొక్కి చూసి, పెట్టె మూత వేసి, బరువైన వైపు తను పట్టుకుంది.

"పదండి," అంది. "ఇంకా కింది రెండు అరలున్నాయి."