ట్యాగ్ వెనక చీర

పొద్దున టీ చల్లారకముందే ఫోనులో ఆర్డర్ మీద ఆర్డర్ పడుతోంది. తిరుత్తణిలో మామగారి చీరల కొట్టును యాప్‌లో పెట్టింది దేవసేనే. తిరువళ్ళూరులో ఉండే పిన్ని కూతురు యోగిత, ఆ కొట్టు నూలు చీర కట్టుకుని నిరుడు తీసిన వీడియో ఇన్నాళ్ళకు జనంలో పాకింది. వీడియోలో చీర మీద యోగిత పెట్టిన ట్యాగును తాకితే కొట్టు పేజీ తెరుచుకుని ధర కనిపిస్తుంది, అక్కడే కొనేయొచ్చు. డబ్బు మాత్రం యాప్ దగ్గరే ఆగుతుంది. సరుకు చేరి, వాపసు గడువు దాటాక, కమిషన్ కోసుకుని మిగతాది కొట్టుకు పంపుతారు.

"అర ఖాళీగా పెట్టకూడదని నేను చెప్పినానా లేదా?" అన్నాడు మామగారు జయరామయ్య, మీసం దువ్వుకుంటూ.

ఆ మధ్య నూలు చీరలు అయిపోయినప్పుడు ఆయన మాట ప్రకారం దేవసేన యాప్‌లోనూ ఆ అర ఖాళీ పెట్టలేదు. కొత్త పేజీ తెరిస్తే కొన్నవాళ్ళు ఇచ్చిన పాత స్టార్లు, మెప్పులు రావు. అందుకే అదే పేజీలో అదే రంగు, అదే అంచు ఉన్న మిల్లు చీర ఎక్కించింది. పాలియెస్టర్ అని అడుగున ఎక్కడో రాసింది.

వారం తిరగకుండానే ఆ మిల్లు చీరలన్నీ వెనక్కి రాసాగాయి. చూపించింది ఒకటి, పంపింది ఒకటి అని అందరిదీ ఒకే మాట. తప్పు అమ్మినవాళ్ళదే కనుక తిరుగు కొరియర్ ఖర్చూ కొట్టు మీదే పడింది. ఆపైన యాప్ నోటీసు: ట్యాగులు ఆపాం, మిగతా సరుకు మీద రావలసిన డబ్బు పట్టి ఉంచాం, సంజాయిషీ ఇవ్వకపోతే కొట్టు మూసేస్తాం.

"ట్యాగు పెట్టింది ఆ పిల్ల. తప్పు దానిదేనని రాసెయ్," అన్నాడు జయరామయ్య.

దేవసేన రైలెక్కి తిరువళ్ళూరు వెళ్ళింది. యోగిత కూర్చోమని కూడా అనలేదు.

"నేను ట్యాగు పెట్టిన నాడు దాని వెనక నూలు చీరే ఉండె కదక్కా. నువ్వు లోపల సరుకు మార్చినావు. జనం నన్ను మోసగత్తె అంటా ఉండారు."

"నీ ట్యాగు ఆ పేజీకే ఉండాదని మరిచిపోయినా యోగీ."

"ఆ పేజీకి ఉండే స్టార్లు మాత్రం నువ్వు మరిచిపోలేదే."

దేవసేన తల వంచుకుంది. "నువ్వే తప్పుగా ట్యాగు చేసినానని ఒప్పుకో. నీకది వీడియో, మాకు కొట్టు."

"నాకు ఆ వీడియోలే కొట్టు. నమ్మకం పోతే నాకు చీరలిచ్చేది ఎవురు?"

తిరుగు రైల్లో, అరక్కోణం దాటాక, దేవసేన సంజాయిషీ రాసింది. ట్యాగు తప్పు యోగితదేనని రాసింది. పంపే ముందు ఒకసారి చదువుకుని, పంపేసింది.

యాప్ దాన్ని నమ్మింది. కొట్టు తెరుచుకుంది, పట్టిన డబ్బు విడుదలైంది. యోగితకు ట్యాగు పెట్టే హక్కు పోయింది.

జయరామయ్య మధ్యాహ్నం భోంచేసి, పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు. "దీపావళి సరుకు దిగతా ఉండాది. ఆ యోగితను ఇంగొక వీడియో తియ్యమనమ్మా."

దేవసేన ఫోనును బల్ల మీద బోర్లా పెట్టి, చీరలు మడత పెడుతూ ఉండిపోయింది.