పదమూడు ఖాళీ గళ్లు

ఆస్ట్రేలియాలో బెండిగో పట్టణం చుట్టుపక్కల ఎనిమిది ప్రాథమిక బడుల్లో పిల్లలకు కోపం అణుచుకోవడం, తోటివాళ్ల బాధ తెలుసుకోవడం నేర్పే పాఠాలు ఏడాదిపాటు నడిచాయి. ఫలితం తేల్చే పని నాది. పిల్లల్లో మార్పేమీ కనిపించలేదు. టీచర్ల రికార్డుల్లో మాత్రం ఇరవై నాలుగు పాఠాలూ చెప్పినట్టు గడిగడికీ టిక్కులే. ‘ఈ పాఠాలు దండగ’ అని రాసేయబోతుంటే మూడో తరగతి టీచరు లోర్నా రికార్డు చేతికొచ్చింది. అందులో పదకొండే టిక్కులు.

“ఇదేంటి లోర్నా?”

“ఈత పోటీలకు నాలుగు పోయాయి. కార్చిచ్చు పొగకు బడి మూస్తే మూడు. మిగతా ఆరూ ఓపిక లేక ఎగ్గొట్టాను. అందరిలా నన్నూ టిక్కులు కొట్టేయమంటావా?”

“వద్దు తల్లీ, నీకు దండం పెడతాను!”

పేర్లు బయటపెట్టనని మాటిచ్చి అందర్నీ మళ్లీ అడిగాను. చాలామంది సగం పాఠాలైనా చెప్పలేదు. అన్నీ చెప్పిన మూడు తరగతుల్లో మాత్రం గొడవలు తగ్గాయి. మూడు తరగతులతో తీర్పు చెప్పలేను. కానీ మింగని మందును పనిచేయలేదని ఎలా తిట్టను?

నివేదికలో ఎవరి పేరూ రాయకూడదు. అందుకే కృతజ్ఞతల పేజీలో ఒక్క వాక్యమే రాశాను: “పదమూడు గళ్లు ఖాళీగా వదిలేసిన టీచరుకు.”